రిక్రూటర్‌కు తెరుచుకోని పోర్ట్‌ఫోలియో లింక్

ప్రశ్న: ఈ ఏడాదే బీటెక్ పూర్తయింది. మాది గుంటూరు. విజయవాడలోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ రిక్రూటర్‌కు ఫ్రెషర్ ఉద్యోగం కోసం మెయిల్ పెట్టాను. పోర్ట్‌ఫోలియో, మిర్చి ధరలను గ్రాఫ్‌గా చూపే వెబ్‌పేజీ ప్రాజెక్టు రెండూ కాలేజీ ఇచ్చిన మెయిల్ ఐడీ డ్రైవ్‌లో ఉన్నాయి. నా ఫోన్‌లో లింక్ బాగానే తెరుచుకుంటోంది. ఆవిడకేమో యాక్సెస్ లేదని వస్తోందట. లింక్ ఎలా ఇవ్వాలి, మెయిల్‌లో ఏం రాయాలి?

జవాబు: మీ ఫోన్‌లో ఆ ఐడీతో లాగిన్ అయి ఉన్నారు కాబట్టి డ్రైవ్ మిమ్మల్ని యజమానిగా గుర్తుపట్టి తలుపు తీస్తోంది. బయటివాళ్లకు తెరుచుకుంటుందో లేదో తెలియాలంటే బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో విండో తెరిచి, ఎక్కడా లాగిన్ కాకుండా, లింక్‌ను అందులో పేస్ట్ చేయండి. రిక్రూటర్‌కు కనిపించేది అదే.

డ్రైవ్‌లో `Share` నొక్కితే `General access` కింద `Restricted` అని ఉంటుంది. దాన్ని `Anyone with the link`గా మార్చి, పక్కన `Viewer` ఉంచాలి. పొరపాటున `Editor` పెడితే లింక్ దొరికిన ఎవరైనా మీ ఫైల్‌ను మార్చేయగలరు. అయితే కాలేజీ ఐడీల్లో చాలాసార్లు ఈ ఎంపికే కనిపించదు, కాలేజీ పేరు మాత్రమే వస్తుంది. అంటే బయటివాళ్లతో పంచుకోవడాన్ని అడ్మిన్ ఆపేశారన్నమాట, మీరేం చేసినా అది మారదు. పైగా చదువు అయిపోయాక ఆ ఖాతాను మూసేయవచ్చు. ఆ రోజుతో మీరు పంపిన లింకులన్నీ చచ్చిపోతాయి. ఉద్యోగానికి సంబంధించినవన్నీ ఈరోజే మీ సొంత ఖాతాలోకి మార్చుకోండి.

సొంత ఖాతా అయినా, వెబ్‌పేజీకి డ్రైవ్ సరైన చోటు కాదు. డ్రైవ్‌లోని ఫైళ్లను వెబ్‌సైట్‌గా చూపించే సదుపాయాన్ని గూగుల్ 2016లోనే తీసేసింది. రిక్రూటర్ మీ హెచ్‌టీఎమ్‌ఎల్ ఫైల్‌ను నొక్కితే గ్రాఫ్ రాదు, కోడ్ కనిపిస్తుంది. జిప్ చేసి మెయిల్‌కు జత చేద్దామన్నా కుదరదు. జావాస్క్రిప్ట్ ఫైళ్లను జిప్‌లో దాచినా జీమెయిల్ అడ్డుకుంటుంది.

మీలాంటి ప్రాజెక్టుకు గిట్‌హబ్ పేజెస్ చాలు, డబ్బు కట్టక్కర్లేదు. యూజర్‌నేమ్ మీ పేరుకు దగ్గరగా ఉండాలి, లింక్‌లో కనిపించేది అదే. తర్వాత `mee-peru.github.io` అనే తరహాలో, మీ యూజర్‌నేమ్‌తోనే మొదలయ్యే పేరుతో ఒక పబ్లిక్ రిపాజిటరీ తెరవండి. పరిచయ పేజీని `index.html` పేరుతో పైనే పెట్టండి. మిర్చి ప్రాజెక్టును `mirchi` అనే ఫోల్డర్‌లో, దాని సొంత `index.html`తో పెట్టండి. `Settings`లో `Pages`కు వెళ్లి, `Branch` దగ్గర `main` ఎంచుకుని `Save` నొక్కండి. పేజీ బయటకు రావడానికి పది నిమిషాల వరకు పట్టవచ్చు, వెంటనే రాలేదని కంగారు పడొద్దు.

ఇక్కడ చాలామంది ఇరుక్కునే చోటు ఒకటుంది. లాప్‌టాప్‌లో చక్కగా కనిపించిన బొమ్మ సైట్‌లో మాయమవుతుంది. ఫైల్ పేరు `Graph.JPG`, కోడ్‌లో రాసింది `graph.jpg` అయితే విండోస్ ఆ రెంటినీ ఒకటే అనుకుంటుంది, గిట్‌హబ్ అనుకోదు. అందుకే ఫైల్ పేర్లన్నీ చిన్న అక్షరాల్లో, ఖాళీలు లేకుండా పెట్టుకోండి. కోడ్‌లో ఎక్కడైనా `C:\Users` అని కనిపిస్తే అది మీ లాప్‌టాప్ దారి, వేరేవాళ్లకు పనిచేయదు.

ఇక భద్రత. ధరల డేటాను `data.gov.in` లాంటి చోటు నుంచి ఏపీఐ కీతో తెచ్చుకుంటూ ఉంటే, ఆ కీ మీ జావాస్క్రిప్ట్‌లో అందరికీ కనిపిస్తుంది. గిట్‌హబ్ పేజెస్‌లో దాన్ని దాచే వీలు లేదు, ఎందుకంటే అక్కడ మీ సర్వర్ అంటూ ఏదీ నడవదు. కొన్ని వారాల ధరలను ఒకసారి దించుకుని `dharalu.json`గా ప్రాజెక్టులోనే పెట్టి, పేజీ దాన్ని చదివేలా రాయండి. ఏ తేదీ వరకు ఉన్న ధరలో గ్రాఫ్ కింద ఒక ముక్క రాయండి. కీ ఇప్పటికే రిపాజిటరీలోకి వెళ్లిపోయి ఉంటే ఆ వరుస చెరిపేస్తే సరిపోదు. పాత కమిట్లలో అది అలాగే ఉంటుంది. కీ ఇచ్చిన సైట్‌లో దాన్ని రద్దు చేసి కొత్తది తీసుకోవాలి.

పబ్లిక్ పేజీలో ఇంటి చిరునామా, పుట్టిన తేదీ, నాన్నగారి పేరు, ఆధార్, మార్కుల మెమోల స్కాన్లు ఏవీ వద్దు. ఫోన్ నంబర్ మెయిల్‌లోను, జతచేసే రెజ్యూమె పీడీఎఫ్‌లోను ఉంటే చాలు. ఆడపిల్లల విషయంలో దీన్ని మరీ గట్టిగా చెబుతాను: నంబర్‌ను వెబ్‌పేజీలో పెట్టకండి. పోర్ట్‌ఫోలియో చూడటానికి అది ఎవరికీ అవసరం లేదు.

మెయిల్ సబ్జెక్ట్‌లో ఉద్యోగం పేరు, ప్రకటనలో ఇచ్చిన జాబ్ ఐడీ ఉంటే అది, మీ పేరు ఉండాలి. లోపల మూడు చిన్న పేరాలు చాలు. మొదటి దాంట్లో ఏ ఉద్యోగానికి రాస్తున్నారో, ఏ బ్రాంచిలో ఏ ఏడాది పూర్తయిందో చెప్పండి. రెండో దాంట్లో ప్రాజెక్టు గురించి రెండు వాక్యాలు: గుంటూరు యార్డు మిర్చి ధరలను రకాలవారీగా గ్రాఫ్‌లో చూపే పేజీ ఇది, జావాస్క్రిప్ట్‌లో నేనొక్కదాన్నే రాశాను, ఫోన్‌లోనూ సరిగ్గా కనిపిస్తుంది. ఇందులో నిజమైనవే రాయండి, ఇంటర్వ్యూలో ఈ వాక్యాల మీదే అడుగుతారు. ఆ వెంటనే లింకులు, ఒక్కొక్కటి విడి వరుసలో:

```
Portfolio: https://mee-peru.github.io/
Project:   https://mee-peru.github.io/mirchi/
```

మూడో పేరాలో ఎప్పటి నుంచి చేరగలరో, విజయవాడ వచ్చి పనిచేయగలరో లేదో రాసి, పేరు, ఫోన్ నంబర్ ఇవ్వండి.

లింక్‌ను ‘ఇక్కడ నొక్కండి’ అనే మాట వెనక దాచొద్దు, `bit.ly` వంటి పొట్టి లింకులూ వద్దు. ఎక్కడికి వెళ్తుందో కనిపించని లింక్‌ను తెలియని మనిషి పంపితే, జాగ్రత్త గల ఉద్యోగి నొక్కరు. కంపెనీ మెయిల్ ఫిల్టర్ కూడా అనుమానిస్తుంది. లింక్ చివర ఫుల్‌స్టాప్ పెట్టకండి, కొన్ని మెయిల్ యాప్‌లు దాన్ని కూడా అడ్రసులో కలిపేస్తాయి.

స్నేహితురాలి మెయిల్‌ను కాపీ చేసుకుని పేర్లు మార్చే అలవాటుంటే ఇంకో ప్రమాదం ఉంది. పైకి కనిపించే అక్షరాలు మీ అడ్రసుగా మారతాయి, లోపలి లింక్ మాత్రం ఆమె సైట్‌కే వెళ్తుంది. జీమెయిల్‌లో రాస్తున్నప్పుడే లింక్ మీద ఒకసారి నొక్కితే అది నిజంగా వెళ్లే అడ్రసు చిన్న పెట్టెలో కనిపిస్తుంది. పైన రాసినదీ ఆ పెట్టెలోదీ వేరైతే లింక్ మొత్తం తీసేసి మళ్లీ టైప్ చేయండి.

కంపెనీకి పంపే ముందు మీ ఇంకో మెయిల్ ఐడీకి పంపుకుని, ఫోన్‌లో ఇన్‌కాగ్నిటోలో రెండు లింకులూ తెరవండి.

ఆ రిక్రూటర్‌కు కొత్త మెయిల్ మొదలుపెట్టొద్దు. ఆవిడ జవాబిచ్చిన మెయిల్‌కే రిప్లై పెట్టండి: పాత లింక్ కాలేజీ ఖాతాలో ఉండటం వల్ల తెరుచుకోలేదు, లాగిన్ అవసరం లేని కొత్త లింక్ ఇదిగో, రెజ్యూమె మళ్లీ జత చేశాను. అంతే, నాలుగు వరుసల క్షమాపణ అక్కర్లేదు. కాలేజీ మెయిల్ ఇన్‌బాక్స్ కూడా ఒకసారి తెరవండి. లింక్ తెరుచుకోని మిగతా కంపెనీల వాళ్లు యాక్సెస్ అడిగి ఉంటే ఆ మెయిళ్లు అక్కడికే వచ్చి ఉంటాయి. వాళ్లకూ ఇదే రిప్లై పంపండి.