రెండు కాలమ్‌ల ప్రశ్నపత్రం ఫొటోను ఏ వరసలో చదవాలి?

"ఫ్రెండ్ ఈఏపీసెట్ మోడల్ పేపర్ ఫొటోలు పంపాడు. అన్నీ అడ్డంగా ఉన్నాయి, పేజీకి రెండు కాలమ్‌లు. ప్రశ్నలు కలగాపులగంగా కనిపిస్తున్నాయి. ఎలా చదవాలి?"

ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తానండి. నాకు వచ్చే డౌట్లలో చాలావరకు ఇలాంటి ఫొటోలే.

ముందు ఫొటోను గ్యాలరీలోనే రొటేట్ చేసి సేవ్ చేసుకోండి. మెడ వంచుకుని చదివితే ఆప్షన్ల నంబర్లు తారుమారవుతాయి. పేపర్‌ను టేబుల్ మీద పరిచి నేరుగా పైనుంచి తీసినప్పుడు, పై వైపు ఏదో ఫోన్ సరిగ్గా గుర్తుపట్టలేదు. అందుకే అలా అడ్డంగా పడతాయి.

తర్వాత ప్రశ్నలు చదవకండి, నంబర్లు మాత్రమే చూడండి. ఎడమ కాలమ్‌లో పైనుంచి కిందికి 89, 90, 91, 92, 93 ఉండి, కుడి కాలమ్ 94తో మొదలైతే వరస తేలిపోయినట్టే: ఎడమది పూర్తిగా, ఆ తర్వాతే కుడిది. 89 పక్కన 90 ఉంటే మాత్రం అడ్డంగా చదవాలి.

అసలు చిక్కు కాలమ్ అడుగున ఉంటుంది. ఒక పేపర్‌లో 93వ ప్రశ్న ఎడమ కాలమ్ చివర ఇలా ఆగింది: "నిశ్చల స్థితి నుంచి బయల్దేరిన కారు 2 మీ/సె² త్వరణంతో 5 సెకన్లు ప్రయాణించింది. ఈ కాలంలో అది". మిగతా ముక్క "ప్రయాణించిన దూరం ఎంత, మీటర్లలో?" అని కుడి కాలమ్ నెత్తిన, 94 కంటే పైన ఉంది. దాని కిందే ఆప్షన్లు: 10, 20, 25, 50. ఆ ముక్క చూడని అమ్మాయి వేగం అడిగారనుకుని 2 × 5 = 10 అని మొదటి ఆప్షన్ పెట్టేసింది. దూరం ½ × 2 × 25, అంటే 25. ఆ అమ్మాయికి సూత్రం తెలుసు, లెక్కా తప్పలేదు, జవాబు మాత్రం తప్పు. అందుకే కుడి కాలమ్‌లో మొదటి నంబర్‌కు పైన ఏదైనా మిగిలి ఉంటే అది ఎడమ చివరి ప్రశ్నదే. ఆ రెండు ముక్కల్నీ నోట్‌బుక్‌లో ఒకచోట రాసుకున్నాకే లెక్క మొదలుపెట్టండి.

ఒకే ఫొటోలో రెండు పేజీలుంటే అవి నాలుగు కాలమ్‌లు. ఎడమ పేజీలో రెండూ అయ్యాకే కుడి పేజీకి వెళ్లాలి. పిన్నులు తీసేసి విడి కాగితాలుగా తీసిన ఫొటో అయితే జాగ్రత్త, పక్కపక్కన ఉన్నవి వరస పేజీలు కాకపోవచ్చు. మధ్యలో పిన్ను కొట్టిన 16 పేజీల బుక్‌లెట్‌లో పైకాగితం మీద 16, 1 పక్కపక్కన పడతాయి, దాని వెనక 2, 15 ఉంటాయి. ఏ కాగితమైనా పక్కపక్క పేజీల నంబర్లు కూడితే 17 రావాలి. నడిమి కాగితం మీద మాత్రమే 8, 9 వరసగా దొరుకుతాయి.

నంబర్ల వరసలో ఎక్కడైనా ఒకటి ఎగిరిపోతే, కాలమ్ పై భాగమో అడుగు భాగమో ఫ్రేములో పడి ఉండకపోవచ్చు. ఆ మూల ఒక్కటే దగ్గరగా మళ్లీ తీసి పంపమని మీ ఫ్రెండ్‌ను అడగండి.