ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు నుంచి నెలవారీ ఓపెన్ కవర్ డిక్లరేషన్ మెయిల్ ఎలా రాయాలి?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. పార్టీల సరుకు మీద మా పేరుతో ఓపెన్ కవర్ ఉంది. నెలనెలా డిస్పాచ్‌లు డిక్లేర్ చేసి, ప్రీమియం అడ్జస్ట్ చేయమని మెయిల్ పెట్టాలట. అందులో ఏం రాయాలి? క్షేమంగా చేరిపోయిన లోడ్లు కూడా చూపించాలా?

జవాబు:

చూపించాలండీ, ఒక్కటి కూడా వదలకూడదు. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నాను.

జీడిమెట్లలో ఒక ట్రాన్స్‌పోర్ట్‌లో ఏడేళ్లుగా ఈ మెయిల్స్ పంపేది నేనే. రెండో ఏడాది జులైలో విజయవాడ వెళ్తున్న మా లారీ ఒకటి సూర్యాపేట దగ్గర రోడ్డు దిగి పక్కకు ఒరిగింది. పైన వాన. కార్టన్లు తడిసి ముద్దయ్యాయి. సర్వేయర్ బండి చూశాక మా ఆఫీసుకొచ్చాడు. ఇన్‌వాయిస్ అడుగుతాడనుకుంటే, ఎల్.ఆర్. అంటే లారీ రసీదుల బుక్కులు, గత మూడు నెలల డిక్లరేషన్లు అడిగాడు. పెన్ను పట్టుకుని నంబర్లు వరసగా టిక్ పెట్టుకుంటూ పోయి, జూన్‌లో రెండు చోట్ల ఆగాడు. ఆ రెండు ఎల్.ఆర్.లు బుక్కులో ఉన్నాయి, మా డిక్లరేషన్‌లో లేవు. "రెండూ బాగానే చేరాయి కదా? అందుకే రాయలేదా?" అన్నాడు.

నిజానికి అది కాటేదాన్ బ్రాంచి బుక్కు. అక్కడి క్లర్కు లిస్టు ఆలస్యంగా పంపాడు, నేనూ అడగలేదు. కానీ ఆయన అనుమానంలో తప్పు లేదు. క్షేమంగా చేరినవి దాచేసి, దెబ్బతిన్నవి మాత్రం చూపిస్తే కంపెనీకి ప్రీమియం పోతుంది, క్లెయిమ్ మిగులుతుంది. అందుకే పాలసీ పరిధిలోకి వచ్చే ప్రతి డిస్పాచ్‌నూ వరసలోనే చెప్పాలన్నది అసలు షరతు. 1963 మెరైన్ ఇన్సూరెన్స్ చట్టంలో, వివరాలు తర్వాత డిక్లేర్ చేసే ఫ్లోటింగ్ పాలసీల గురించిన 31వ సెక్షన్ కూడా ఇదే చెబుతుంది. పొరపాటున వదిలేసింది చెడు ఉద్దేశం లేకుండా జరిగి ఉంటే, నష్టం తర్వాతైనా సరిచేసుకోవచ్చని కూడా అందులోనే ఉంది. మా పాలసీ షరతుల్లోనూ అలాంటి మాటే ఉండబట్టి బతికాం. ఆ రెండింటి ఇన్‌వాయిస్‌లు, ఈ-వే బిల్లులు, డెలివరీ సంతకమున్న ఎల్.ఆర్. కాపీలు జతచేసి సవరణ లెటరు ఇచ్చాం, వాటి ప్రీమియం కట్టించుకున్నారు. క్లెయిమ్ వచ్చింది గానీ రెండు నెలలు ఆలస్యమైంది. ఆ రెండు నెలలూ పార్టీ ఫోన్ మోగితే టెన్షనే.

అప్పటి నుంచి మా మెయిల్ మొదటి పేరాలో డబ్బు లెక్క ఉండదు, నంబర్ల లెక్క ఉంటుంది. ఒక ఫిబ్రవరి మెయిల్ ఇలా వెళ్లింది. (పంపేది ఇంగ్లీషులోనే, ఇక్కడ తెలుగులో పెడుతున్నాను.)

"మా ఓపెన్ పాలసీ కింద ఫిబ్రవరి 1 నుంచి నెలాఖరు వరకు బయల్దేరిన సరుకుల డిక్లరేషన్ జతచేస్తున్నాం. ఎల్.ఆర్. 4381 నుంచి 4466 వరకు మొత్తం 86. ఇందులో రద్దయినవి 2, పార్టీ సొంత పాలసీ ఉన్నందున మన పాలసీ షరతు ప్రకారం బయట ఉన్నవి 9, డిక్లేర్ చేస్తున్నవి 75. వీటి విలువ రూ. 1,26,40,000. మా రేటు 0.05 శాతం చొప్పున ప్రీమియం రూ. 6,320. దీన్ని ముందుగా కట్టిన ప్రీమియం నుంచి సర్దుబాటు చేసి, మిగిలిన సమ్ ఇన్సూర్డ్ ఎంతో రాతపూర్వకంగా తెలపగలరు."

రద్దయినవాటిని, సొంత పాలసీ వాటిని కూడా నంబర్లతో సహా షీటు కింద రాస్తాను. 4381 నుంచి 4466 మధ్య ఖాళీ కనిపించకూడదు. సొంత పాలసీ ఉన్న పార్టీలను వదిలేసే హక్కు పాలసీలో రాసి ఉంటేనే వదలండి, నోటిమాట మీద వద్దు. షీటులో ఎల్.ఆర్. నంబరు, బయల్దేరిన తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి, బండి నంబరు, సరుకు, ఇన్‌వాయిస్ నంబరు, విలువ ఉంటే చాలు. తేదీ అంటే ఎల్.ఆర్. కొట్టిన తేదీ కాదు, బండి గేటు దాటిన తేదీ. నెలాఖరు రాత్రి లోడైన బండి ఒకటో తారీకు బయల్దేరితే తర్వాతి నెలలోకే వెళ్తుంది. విలువ పాలసీలో ఒప్పుకున్న లెక్క ప్రకారమే వేయాలి. మాది ఇన్‌వాయిస్ మీద 10 శాతం కలిపి. ఒక నెల కలిపి, ఇంకో నెల కలపకుండా పంపితే క్లెయిమ్ రోజున ఏది నిజమని అడుగుతారు.

బండి నంబరు కాలమ్ మాత్రం తీసేయకండి. పాలసీలో ఒక్కో బండికి పరిమితి ఉంటుంది, మాది 25 లక్షలు. మూడు పార్టీల సరుకు విడివిడిగా చిన్నవిగానే కనిపిస్తుంది, ఒకే బండిలో ఎక్కితే 28 లక్షలవుతుంది. ఆ పైన 3 లక్షలకు రక్షణ ఉండదు. నెల తర్వాత డిక్లరేషన్‌లో చూపించినా లాభం లేదు. బండి కదలకముందే చెప్పి పరిమితి పెంచుకోవాలి.

ఇక మెయిల్ చివరి పేరా. "ప్రీమియం అడ్జస్ట్ చేయండి" అన్న ఒక్క మాటతో ముగించేవాళ్లు ఇక్కడే మునుగుతారు. మా పాలసీ సమ్ ఇన్సూర్డ్, అంటే కవరయ్యే సరుకు మొత్తం విలువ, ఏడాదికి 12 కోట్లు, ప్రీమియం 60 వేలు, దాని మీద జీఎస్‌టీ 18 శాతం. ప్రతి నెల డిక్లరేషన్‌తో ఆ 12 కోట్లు కరుగుతూ పోతాయి. పైన చెప్పిన ఫిబ్రవరి పోగా మిగిలింది 42,60,000. మార్చిలో మాకు 1.3 కోట్ల దాకా లోడ్లు పోతాయి, అంటే రోజుకు సుమారు 4.2 లక్షలు. పదో తారీకుకల్లా పాలసీ ఖాళీ. ప్రీమియం ముందుగా అందకుండా రిస్కు మొదలు కాదని 1938 ఇన్సూరెన్స్ చట్టం 64విబి సెక్షన్ చెబుతుంది కాబట్టి, 15న తీరిగ్గా మెయిల్ పెట్టి "తర్వాత సర్దుతాం" అంటే, 11 నుంచి వెళ్లిన బండ్లు ఏ కవరూ లేకుండా తిరిగినట్టే. అందుకే మెయిల్ మూడో తారీకునే పంపి, ఇలా కలిపాను:

"మార్చి అవసరానికి సమ్ ఇన్సూర్డ్ మరో రూ. 1 కోటి పెంచగలరు. ప్రీమియం రూ. 5,000, జీఎస్‌టీ రూ. 900, మొత్తం రూ. 5,900 ఈ రోజే ఆన్‌లైన్‌లో కట్టాం, రసీదు జతచేశాం. ఎండార్స్‌మెంట్ పంపగలరు."

ఏడాది చివర్లో 12 కోట్లలో కొంత మిగిలితే దాని ప్రీమియం వాపసు అడగొచ్చు. కానీ కనీసం ఇంత మాకే ఉంచుకుంటామని పాలసీలో షరతు ఉండొచ్చు, అది ముందు చదువుకోండి. ఇంకో మాట: మనం వాడుకలో అన్నింటినీ ఓపెన్ కవర్ అంటాం గానీ, దేశం లోపలి లారీ రవాణాకు ఇచ్చేది సాధారణంగా ఓపెన్ పాలసీ. ఓపెన్ కవర్ ఎక్కువగా ఎగుమతి, దిగుమతులకు. అందులో షిప్‌మెంట్ షిప్‌మెంట్‌కూ సర్టిఫికెట్ తీసుకుంటారు. మీ కాగితం మీద ఏముందో చూసి సబ్జెక్టు లైన్‌లో అదే పేరు, పాలసీ నంబరు, నెల రాయండి.

మెయిల్ పంపేసి ఊరుకోకండి. బ్రోకర్ నుంచి "నోటెడ్" అని వచ్చే ఒక్క ముక్క జవాబు, పాలసీలో మార్పును కంపెనీ రాసిచ్చే ఎండార్స్‌మెంట్ కాదు. ఆ మార్చిలో నేను రెండు సార్లు ఫోన్ చేస్తే ఐదో తారీకు సాయంత్రం వచ్చింది. ప్రింట్ తీసి లోడింగ్ చూసే సూపర్‌వైజర్ టేబుల్ అద్దం కింద పెట్టాను, పదకొండున బయల్దేరిన నాలుగు బండ్లకు ఎల్.ఆర్.లు అక్కడే కొట్టాం.