ఎక్స్‌పైరీ దగ్గర పడ్డ సరుకు సగం ధరకు వస్తే కొనొచ్చా?

ప్రశ్న: మా ఇంటి దగ్గర సూపర్ మార్కెట్‌లో డేట్ దగ్గర పడ్డ వస్తువులన్నీ ఒక బుట్టలో పోసి 30, 40, ఒక్కోసారి 50 శాతం తగ్గించి అమ్ముతున్నారు. కొన్నిటి మీద బెస్ట్ బిఫోర్ అని, కొన్నిటి మీద యూజ్ బై అని ఉంటోంది. రెండూ ఒకటేనా? ఏవి కొనొచ్చు, ఏవి వద్దు? డేట్ దాటాక ఇంట్లో మిగిలితే పారేయాల్సిందేనా?

జవాబు:

విజయవాడలో ఒక సూపర్ మార్కెట్‌లో స్టాక్ చూసే పని కొన్నేళ్లు చేశాను. రోజూ పొద్దున్నే ర్యాకుల్లో డేట్లు చూసి, దగ్గర పడ్డవాటిని పక్కకు తీసి, ధర తగ్గించి స్టిక్కర్ వేయడం నా పనే. ఇప్పుడు ఆ ఉద్యోగంలో లేను, కానీ అలాంటి బుట్ట కనిపిస్తే మాత్రం ఆగి చూస్తాను. వాటిలో మంచి సరుకు నిజంగానే ఉంటుంది.

ముందు ఆ రెండు మాటల సంగతి. బెస్ట్ బిఫోర్ అనేది నాణ్యతకు సంబంధించిన తేదీ. అప్పటిదాకా రుచి, వాసన, కరకర అన్నీ కంపెనీ చెప్పినట్టే ఉంటాయి. ఆ తర్వాత కాస్త తగ్గొచ్చు, తిండి మాత్రం సురక్షితంగానే ఉండొచ్చు. యూజ్ బై, ఎక్స్‌పైరీ అన్నవి రెండూ ఒకటే. ఆ తేదీ దాటితే నాణ్యతకే కాదు, భద్రతకు కూడా హామీ లేదు, షాపులో అమ్మకూడదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. బ్రిటన్‌లో ఉండే మనవాళ్లకు ఈ తేడా తేలిగ్గా తెలిసిపోతుంది. అక్కడ యూజ్ బై అని త్వరగా పాడై ప్రమాదం తెచ్చే వాటి మీదే వేస్తారు, బిస్కెట్లకూ పప్పులకూ బెస్ట్ బిఫోర్ ఉంటుంది. మన దగ్గర అలా కాదు. దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020లో తెచ్చిన లేబులింగ్ నిబంధనల ప్రకారం తయారీ లేదా ప్యాకింగ్ తేదీతో పాటు ఎక్స్‌పైరీ లేదా యూజ్ బై తప్పనిసరి. బెస్ట్ బిఫోర్ కావాలంటే అదనంగా వేసుకోవచ్చు. అందుకే పనీర్ మీదా యూజ్ బై ఉంటుంది, మేరీ బిస్కెట్ మీదా యూజ్ బై ఉంటుంది. మాట ఒకటే, కానీ ఆ రెండూ పాడయ్యే తీరు ఒకటి కాదు. కాబట్టి లేబుల్ మీది మాట ఒక్కటే చూసి నిర్ణయించుకోలేం. లోపల ఉన్నది ఏ రకం తిండో చూడాలి.

నేను చూసేది ఒక్కటే: అది షాపులో ఫ్రిజ్‌లో ఉందా, బయట ర్యాకులో ఉందా? ఫ్రిజ్‌లో పెట్టి అమ్మేవి, అంటే పనీర్, ప్యాకెట్ పాలు, చికెన్, సాసేజ్‌ల లాంటివి తడిగా ఉంటాయి, పులుపూ ఉప్పూ తక్కువ, బ్యాక్టీరియా పెరగడానికి అనువుగా ఉంటాయి. బయట ఉండే బిస్కెట్లు, ఓట్స్, పప్పులు, టీ పొడి, మసాలా పొడుల్లో తడి లేదు. అవి మెత్తబడతాయి, ముక్కిపోతాయి, నూనె ఉన్నవి కనరెక్కుతాయి. చాలావరకు వాసన, రుచి ముందే చెప్పేస్తాయి.

ఫ్రిజ్ సరుకు విషయంలో మాత్రం ముక్కును నమ్మొద్దు. మనకు అలవాటైన పరీక్ష వాసన చూడటమే. చెడు వాసన తెచ్చే క్రిములు వేరు, జబ్బు తెచ్చేవి వేరు. లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఫ్రిజ్ చల్లదనంలో కూడా నెమ్మదిగా పెరుగుతుంది. రంగు మారదు, వాసన రాదు. గర్భిణులకు, ముసలివాళ్లకు, ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు అది చాలా ప్రమాదం. ‘బాగా ఉడికిస్తే పోతుందిలే’ అనే మాట కూడా సగమే నిజం. లిస్టీరియా ఉడికితే చస్తుంది, కానీ కొన్ని బ్యాక్టీరియాలు అప్పటికే వదిలిన విషం మరిగించినా పోదు. అందుకే ఫ్రిజ్ సరుకు తేదీ దాటితే మా ఇంట్లో పారేస్తాం, రెండో ఆలోచన లేదు.

అలాగని తేదీకి ముందు రోజు దొరికిన ఫ్రిజ్ సరుకు వద్దని కాదు. ఉదాహరణకు 200 గ్రాముల పనీర్, మామూలు ధర 95 రూపాయలు, రేపటితో తేదీ అయిపోతుందని 55కు ఇస్తున్నారు అనుకోండి. ముందు ప్యాకెట్ చేత్తో పట్టుకుని చూస్తాను. బాగా చల్లగా ఉండాలి. కవరు గట్టిగా ముక్కకు అతుక్కుని ఉండాలి. కొంచెం నీరు ఉన్నా పర్వాలేదు, కవరు బుడగలా ఉబ్బితే మాత్రం వద్దు. లోపల ఏదో పెరిగి గాలి పుట్టిందన్నమాట. (ఇడ్లీ పిండి ప్యాకెట్ ఉబ్బడం వేరు, అది పులవడం వల్ల. పనీరూ, టిన్నులూ, టెట్రా ప్యాకులూ ఉబ్బకూడదు.) ఆ తర్వాత నన్ను నేను అడిగేది: ఈ రాత్రే వండుతానా? అవునంటే 40 రూపాయలు మిగిలినట్టే. ఇవాళ కుదరదంటే ఇంటికి రాగానే ముక్కలు కోసి డీప్ ఫ్రీజర్‌లో పెడతాను. ఫ్రీజ్ చేస్తే బ్యాక్టీరియా పెరగడం ఆగుతుంది, చావదు. కాబట్టి తేదీ దాటకముందే పెట్టాలి. తీసినప్పుడు బయట గట్టు మీద కాకుండా ఫ్రిజ్‌లోనే కరగనిచ్చి, ఒక్క రోజులో వండేయాలి. ఫ్రీజ్ చేసిన పనీర్ పొడిపొడిగా అవుతుంది, బుర్జీకి బాగుంటుంది, టిక్కాకు పనికిరాదు. కరెంటు గంటల తరబడి పోయే ఊళ్లో ఉంటే ఫ్రీజర్ మీద ఆశ పెట్టుకోకండి.

ఎండాకాలంలో అయితే ఫ్రిజ్ సరుకు బుట్ట జోలికి నేను అసలు వెళ్లను. లేబుల్ మీది తేదీ ‘4 డిగ్రీల లోపు ఉంచితే’ లాంటి షరతు మీద ఆధారపడి ఉంటుంది. లారీలోంచి దించాక సరుకు గోడౌన్‌లో ఎంతసేపు ఉందో, రాత్రి ఫ్రిజ్ ఆపారో లేదో ఆ తేదీకి తెలియదు. ఫ్రోజెన్ బఠాణీ ప్యాకెట్ ఊపి చూడండి. గింజలు విడివిడిగా గలగలమంటే మంచిది. అంతా కలిసి ఒకే గడ్డ అయిందంటే మధ్యలో ఎక్కడో కరిగి మళ్లీ గడ్డకట్టింది. తేదీ ఆరు నెలలున్నా సరే, దాన్ని తీసుకోవద్దు.

ఇక బయట ర్యాకు సరుకు. ఈ బుట్టలో అసలు లాభం ఇక్కడే ఉంది. ఈ సరుకు ఎందుకు తగ్గిస్తారంటే, డిస్ట్రిబ్యూటర్లు ఒక గడువు దాకానే వెనక్కి తీసుకుంటారు, కొందరు అసలు తీసుకోరు. తేదీ దాటితే షాపుకు పూర్తి నష్టం, అందుకే వచ్చినంతకు అమ్మేస్తారు. ధర తగ్గింది కాబట్టి సరుకు చెడ్డదని అనుకోనక్కర్లేదు.

కానీ ఇక్కడే జనం డబ్బు పోగొట్టుకోవడం కూడా ఎక్కువ చూశాను. గోధుమ పిండి తీసుకుందాం. 5 కిలోల బస్తా 260 రూపాయలు, అంటే కిలో 52. ఇరవై రోజుల తేదీ ఉందని 180కి పెట్టారు. మీ ఇంట్లో రోజూ రాత్రి చపాతీలకు 300 గ్రాములు పడుతుంది. 5 కిలోలు దాదాపు పదిహేడు రోజులు వస్తుంది. ఒక బస్తా హాయిగా కొనండి, కిలో 36 పడుతుంది. ‘ఇంత చవకా’ అని రెండు కొన్నారనుకోండి. 360 రూపాయలు పెట్టారు, ఇరవై రోజుల్లో వాడేది 6 కిలోలు. మిగతా 4 కిలోలు తవుడులోని నూనె వల్ల చేదెక్కి, వానాకాలమైతే పురుగు పట్టి పారేస్తే, తిన్న ప్రతి కిలో 60 రూపాయలు పడింది. మామూలు ధరకు కొన్నా అంతకంటే తక్కువే అయ్యేది. కాబట్టి బుట్ట దగ్గర లెక్క వేయాల్సింది తగ్గిన శాతంతో కాదు, తేదీ లోపు మీ ఇల్లు నిజంగా తినే కిలోలతో. రోజూ వాడే పప్పు, టీ పొడి, ఓట్స్, నూడుల్స్‌కు ఈ లెక్క తేలిగ్గా సరిపోతుంది. ఎప్పుడూ కొనని ఏదో సాస్ సగం ధరకు వచ్చిందని తెస్తే అది మూత కూడా తీయకుండా అల్మరాలోనే ఉండిపోతుంది.

సాస్ అన్నాను కాబట్టి ఇంకో మాట. తేదీ అనేది సీలు తీయని ప్యాకెట్‌కు మాత్రమే. టెట్రా ప్యాక్ పాలకు ఇంకా రెండు నెలలు ఉన్నా సరే, కత్తిరించిన దగ్గర నుంచి ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో అయిపోవాలి. ‘తెరిచాక ఇన్ని రోజుల్లో వాడాలి’ అని లేబుల్ మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది, చదవండి.

డేట్ దాటాక ఇంట్లో మిగిలిన వాటి సంగతి అడిగారు. బెస్ట్ బిఫోర్ దాటిన పొడి సరుకు, సీలు బాగుండి, వాసన, రుచి మామూలుగా ఉంటే కొన్నాళ్లు నేను వాడతాను. వేరుశనగలు, జీడిపప్పు, నువ్వులు మాత్రం ముందు ఒక గింజ నోట్లో వేసుకుని చూస్తాను. మన వంటింటి వేడికి అవి తేదీ కంటే ముందే కనరెక్కుతాయి. వేరుశనగల్లో బూజు కనిపిస్తే ఏరుకుని వాడొద్దు, మొత్తం పారేయండి. ఆ బూజు వదిలే అఫ్లటాక్సిన్ లివర్‌కు చేటు, వేయించినా పూర్తిగా పోదు. పసిపిల్లల పాలపొడి, సెరియల్ విషయంలో తేదీ ఒక్క రోజు దాటినా సందేహించకుండా పారేయండి, అందులో రాసిన పోషకాలు తేదీ దాకానే లెక్క.

తేదీ చదవడంలో కూడా జాగ్రత్త. మూడు నెలల లోపు నిలవుండే వాటికి రోజుతో సహా ఉంటుంది, అంతకు మించి ఉండేవాటికి నెల, సంవత్సరం మాత్రమే ఉండొచ్చు. కొన్నిటి మీద ‘ప్యాకింగ్ నుంచి 6 నెలలు’ అని రాసి, ప్యాకింగ్ తేదీ ఇంకో మూల ఉంటుంది, లెక్క మనమే వేసుకోవాలి. డిస్కౌంట్ స్టిక్కర్ సరిగ్గా తేదీ మీదే అంటించి ఉంటే తీసి చూపించమనండి. అది మీ హక్కు. అక్షరాలు చెరిపి మళ్లీ కొట్టినట్టు మసకగా, వంకరగా ఉంటే, పెద్ద అట్టపెట్టె మీది తేదీతో లోపలి ప్యాకెట్ తేదీ కలవకపోతే ఆ షాపులో ఇంకేమీ కొనకండి.

ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే ప్యాకెట్ చూసే వీలుండదు. డెలివరీ నాటికి గడువులో కనీసం 30 శాతమో, 45 రోజులో మిగిలి ఉండేలా చూడమని 2024 నవంబర్‌లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆన్‌లైన్‌లో అమ్మే కంపెనీలకు చెప్పింది. దానికంటే తక్కువ ఉన్నది పూర్తి ధరకు వస్తే వెంటనే ఫొటో తీసి వెనక్కి పంపండి. తేదీ దాటిన సరుకే అంటగడితే బిల్లు, ప్యాకెట్ రెండూ దాచి 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు గానీ, ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో గానీ ఫిర్యాదు చేయండి. ప్యాకెట్ మీద ఉండే 14 అంకెల లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు అందులో రాస్తే వాళ్లకు పని తేలికవుతుంది.