తమ్ముడి కోసం విద్యుత్ పాఠం నోట్స్

చిరంజీవి శ్రావణికి,

అత్తయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన ఫోటోలన్నీ చూశాను. విద్యుత్ పాఠానికి పదకొండు పేజీలు రాశావు, దస్తూరి ముత్యాల్లా ఉంది. కాకపోతే పుస్తకంలోని వాక్యాలే వరసగా నీ పేజీల్లోకి వచ్చాయి. పరీక్ష ముందు రోజు తమ్ముడు ఇవి చదవాలన్నా పుస్తకం చదివినంత సేపూ పడుతుంది. ఈ పాఠానికి రెండు పేజీలు చాలు. ఎలాగో చెబుతాను.

ముందు పాఠం జోలికి వెళ్లకు. చివర ఉన్న ప్రశ్నలు, దొరికితే పాత ప్రశ్నపత్రాలు తీసుకో. ఒక్కో ప్రశ్న చదివి, దాని జవాబు పాఠంలో ఏ పేరాలో ఉందో వెతికి, పక్కన పెన్సిల్‌తో చిన్న గీత పెట్టు. అన్నీ అయ్యాక పేజీలు తిరగెయ్యి. కొన్ని పేరాల పక్కన నాలుగైదు గీతలుంటాయి, కొన్నిటి పక్కన ఒక్కటీ ఉండదు. ఈ పాఠంలో గీతలు ఎక్కువగా ఓమ్ నియమం దగ్గర, తీగ నిరోధం దేని మీద ఆధారపడుతుందనే చోట, శ్రేణి, సమాంతర సంధానాల దగ్గర పడతాయి. నోట్స్‌లో ముప్పావు భాగం వాటికే ఇవ్వు. ఉష్ణ ఫలితానికి H = I²Rt, ఫ్యూజు ఎందుకు కరుగుతుందో ఒక వాక్యం రాస్తే సరిపోతుంది.

తర్వాత ముఖ్య పదాలు. నిర్వచనంలో మార్కులు పోయేది మొత్తం మర్చిపోయినందుకు కాదు, ఒక షరతు వదిలేసినందుకు. ఓమ్ నియమం అడిగితే పిల్లలు "పొటెన్షియల్ భేదం విద్యుత్ ప్రవాహానికి అనులోమానుపాతంలో ఉంటుంది" అని రాసి ఆపేస్తారు. "ఉష్ణోగ్రత స్థిరంగా ఉన్నప్పుడు" అన్న ముక్క పోతుంది. ఆ ముక్క అలంకారం కోసం పెట్టింది కాదు. బల్బులోని ఫిలమెంటు వేడెక్కే కొద్దీ దాని నిరోధం పెరుగుతుంది, కాబట్టి గ్రాఫు సరళరేఖగా రాదు. అందుకే ప్రతి నిర్వచనంలో షరతు మాటల కింద ఎర్ర గీత కొట్టు, పక్కనే ప్రమాణం రాయి.

దగ్గర దగ్గరగా వినిపించే పదాలను ఎప్పుడూ జంటగా రాయాలి. నిరోధం, విశిష్ట నిరోధం నీ నోట్స్‌లో వేరే వేరే పేజీల్లో ఉన్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి, "నిరోధం ఆ తీగది, విశిష్ట నిరోధం ఆ పదార్థానిది" అని ఒక్క వాక్యం రాయి. ఉష్ణోగ్రత మారకపోతే, రాగి తీగ పొడవు ఎంత పెంచినా దాని విశిష్ట నిరోధం మారదు, నిరోధం మాత్రం పెరుగుతుంది. ఒక మార్కు ప్రశ్నల్లో ఈ తేడాను తిప్పి తిప్పి అడుగుతారు.

ఇక R = ρl/A. దీన్ని సూత్రంగా మాత్రమే రాసి వదిలేస్తే వాడికి ఏమీ అందదు. నేను బడిలో చేరిన కొత్తలో పిల్లల చేత ఈ సూత్రాన్ని పదిసార్లు రాయించాను. పరీక్షలో "10 ఓమ్‌ల తీగను సాగదీసి పొడవు రెట్టింపు చేస్తే నిరోధం ఎంత?" అని అడిగితే తరగతిలో చాలామంది 20 అని రాశారు. వాళ్లకు సూత్రం వచ్చు. కానీ సాగదీసినప్పుడు తీగ సన్నబడుతుందని, ఘనపరిమాణం మారదు కాబట్టి మధ్యచ్ఛేద వైశాల్యం సగమవుతుందని తోచలేదు. పొడవు రెట్టింపు, వైశాల్యం సగం, అందుకని నిరోధం నాలుగు రెట్లు, అంటే 40 ఓమ్‌లు. అప్పటినుంచి నోట్స్‌లో సూత్రం కింద "ఇది మారితే?" అని ఒక గడి పెట్టించేదాన్ని. నువ్వూ పెట్టు. అందులో రెండు ప్రశ్నలు చాలు: సాగదీస్తే? సగానికి కోసి రెండు ముక్కలనూ సమాంతరంగా కలిపితే? రెండోదానిలో ఒక్కో ముక్క 5 ఓమ్‌లు, కలిపితే 2.5. పరీక్షలో వచ్చే కొత్త ప్రశ్నలు చాలావరకు ఇలా ఒకదాన్ని మార్చి అడిగేవే.

సమాంతర సంధానానికి ఒక లెక్క పూర్తిగా చేసి పెట్టు. 6 ఓమ్, 3 ఓమ్ నిరోధాలు, 6 వోల్టుల బ్యాటరీ అనుకో.

```
1/R = 1/6 + 1/3 = 3/6 = 1/2
R = 2 Ω
I = 6/2 = 3 A
```

ఇక్కడ పిల్లలు 1/2 దగ్గరే ఆగిపోయి అదే జవాబని రాస్తారు, తలకిందులు చెయ్యడం మర్చిపోతారు. పట్టుకోవడం తేలిక. సమాంతరంగా కలిపినప్పుడు ఫలిత నిరోధం ఉన్నవాటిలో చిన్నదానికంటే తక్కువ రావాలి. 2 అనేది 3 కంటే తక్కువ, సరే. కానీ 1/2 కూడా తక్కువే కదా, అందుకని ఇంకో తనిఖీ కూడా రాయి: విడివిడి శాఖల్లో ప్రవాహాలు 1 ఆంపియర్, 2 ఆంపియర్లు, రెండూ కలిపితే మొత్తం 3 రావాలి. R ను 1/2 అనుకుంటే మొత్తం 12 వస్తుంది, తప్పు అక్కడే బయటపడుతుంది. ఈ తనిఖీని లెక్క కిందే వేరే రంగులో రాయి. పక్కన వలయం పటం గియ్యి, అమ్మీటర్ శ్రేణిలో, వోల్ట్‌మీటర్ సమాంతరంగా ఉండాలి. పటంలో మార్కులు ఎక్కువగా పోయేది ఈ రెండూ తారుమారు చేసినప్పుడే.

పేజీ ఎలా ఉండాలంటే, ఎడమవైపు మూడో వంతు దగ్గర నిలువు గీత గియ్యి. ఎడమవైపు ప్రశ్న, కుడివైపు జవాబు. "విశిష్ట నిరోధం" అని శీర్షిక పెట్టకు, "పొడవు పెరిగితే విశిష్ట నిరోధం మారుతుందా?" అని రాయి. కుడివైపు రాసేటప్పుడు పుస్తకం మూసెయ్యి. గుర్తున్నది నీ మాటల్లో రాసి, తర్వాత పుస్తకం తెరిచి సరిచూసుకో. నిర్వచనాలు, ప్రమాణాలు మాత్రం పుస్తకంలో ఉన్నట్టే ఉండాలి, వాటిలో సొంత మాటలు వద్దు.

ఇంకొక్క సంగతి. ఇదంతా నువ్వే నింపెయ్యకు తల్లీ. ఒక్కో పేజీ కింద నాలుగు వేళ్ల ఖాళీ వదులు. వాడు కుడివైపు అరచెయ్యి పెట్టి మూసి, ఎడమవైపు ప్రశ్నలకు జవాబులు గట్టిగా చెప్పాలి. తడబడిన ప్రశ్న దగ్గర చుక్క పెట్టి, ఏం తప్పు చెప్పాడో ఆ ఖాళీలో వాడి చేతే రాయించు. రెండు రోజులాగి మళ్లీ అడుగు, మళ్లీ వారం తర్వాత అడుగు. రెండుసార్లు వరసగా సరిగ్గా చెప్పిన వాటికి టిక్కు పెట్టు. పరీక్ష ముందు రోజు వాడు చుక్కలున్న వాటినే చూడాలి, టిక్కు పెట్టినవి ముట్టుకోనక్కర్లేదు.

ముందుగా నిరోధం భాగం ఒక్కటే ఇలా మార్చి ఫోటో పంపు. చూసి, "ఇది మారితే?" గడిలో ఇంకేం చేర్చాలో చెబుతాను. మిగతా భాగాలు అప్పుడు మొదలుపెట్టు.

మీ అమ్మానాన్నలను అడిగానని చెప్పు.

ప్రేమతో,
అత్తయ్య