తీసేయించిన పేజీ మళ్లీ వచ్చింది, దావా వేయవచ్చా?

ప్రశ్న: మాది కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్. రెండేళ్ల కిందట నా ఫోన్ నంబరు, అడ్రస్, మా అత్తమామల పేర్లతో సహా ఒక పీపుల్ సెర్చ్ సైట్‌లో కనిపిస్తే ఆప్ట్ అవుట్ పెట్టి తీసేయించాను. ఇప్పుడు కొత్త ఇంటి అడ్రస్‌తో మళ్లీ వచ్చింది. ఎవరో ఫోన్ చేసి మా ఇంటి నంబరు చదివి వినిపించి, డబ్బు కట్టమని బెదిరించారు. అప్పటి నుంచి నిద్ర లేదు. మాట తప్పిన ఆ కంపెనీ మీద పరిహారం కోసం దావా వేయవచ్చా? కాపీరైట్ ఫిర్యాదు పెడితే గూగుల్ రెండు రోజుల్లో తీసేస్తుందని మా మరిది అంటున్నాడు. పెట్టమంటారా? పాత, కొత్త పేజీల స్క్రీన్‌షాట్లు పంపుతున్నాను. – ఒక పాఠకురాలు

జవాబు: ముందు తేలాల్సింది ఒక్కటే. ఇప్పుడు కనిపిస్తున్నది అప్పుడు తీసేసిన పేజీయేనా, లేక వేరే కాగితం నుంచి పుట్టిన కొత్త పేజీయా? కంపెనీ మాట తప్పిందో లేదో, మీకు ఏ దారి ఉందో దాన్నిబట్టే తెలుస్తుంది.

మీరు పంపిన రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూడండి. పాత పేజీలో మీ పేరు Laxmi అని ఉంది, చివర ఇంటిపేరు ఉంది, అడ్రస్ మిల్పిటాస్ అపార్ట్‌మెంటుది. కొత్త దాంట్లో Venkata N Lakshmi అని ఉంది, ఇంటిపేరే లేదు. మన వాళ్ల పేర్లు అమెరికా కాగితాల్లోకి వెళ్లేటప్పుడు ఇలాగే తారుమారవుతాయి. ఒక ఫారంలో ఇంటిపేరు చివరికి వెళ్తుంది, ఇంకో దాంట్లో అసలు పేరే లాస్ట్ నేమ్ అయి కూర్చుంటుంది. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉన్నవాళ్లకైతే వీసాలో మొదటి పేరు చోట, పేరు తెలియదనే అర్థంలో FNU వస్తుంది, ఆ FNU కూడా పేరులా సైట్లకెక్కుతుంది. సైట్ కంప్యూటరుకు Laxmi ఒక మనిషి, Venkata N Lakshmi ఇంకో మనిషి. మీరు తీసేయమన్నది మొదటి మనిషిని.

ఆ రెండో మనిషి ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే ఇల్లు కొన్నప్పటి గ్రాంట్ డీడ్ బయటికి తీయండి. అందులో మీ పేరు ఏ స్పెల్లింగుతో, ఏ వరసలో ఉందో చూడండి. కొత్త పేజీలో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉంటే, అడ్రస్ అలమేడా కౌంటీ రికార్డుల నుంచి వచ్చిందన్నమాట. డీడ్ పైభాగంలో పన్ను నోటీసులు ఎక్కడికి పంపాలో రాసే గడి ఉంటుంది. అక్కడా ఇంటి అడ్రస్సే ఇచ్చి ఉంటారు.

ఇది ఎందుకింత ముఖ్యమంటే, కాలిఫోర్నియా ప్రైవసీ చట్టం సీసీపీఏ కింద వ్యక్తిగత సమాచారం తొలగించమని అడిగే హక్కు మీకు ఉంది గానీ, ప్రభుత్వ రికార్డుల్లో చట్టబద్ధంగా అందరికీ అందుబాటులో ఉన్న సమాచారం ఆ నిర్వచనంలోకే రాదు. ఇంటి యజమానిగా మీ పేరు, ఆ ఇంటి చిరునామా డీడ్‌లో ఉన్నంతవరకు కంపెనీ ఆ మినహాయింపు చూపిస్తుంది. కానీ మీ సెల్ నంబరు డీడ్‌లో ఉండదు, ఈమెయిలు ఉండదు, అత్తమామల పేర్లూ ఉండవు. అవి ఏ దుకాణం కార్డు నుంచో, యాప్ నుంచో, జనం వివరాలు కొని అమ్మే ఇంకో డేటా బ్రోకరు అమ్మిన జాబితా నుంచో వచ్చినవి. వాటికి ఆ మినహాయింపు లేదు. అయితే సీసీపీఏ తొలగింపు హక్కు కంపెనీ మీ దగ్గర నుంచి సేకరించిన సమాచారానికే వర్తిస్తుంది, బయట కొన్నవాటికి అమ్మవద్దనే హక్కు, కింద చెప్పే డ్రాప్ అసలు దారులు. అందుకని “నా పేజీ తీసేయండి” అని మొత్తంగా అడక్కండి. ఏయే అంశం తీయాలో విడివిడిగా రాసి, ఒక్కో దానికి జవాబు కోరండి. మిమ్మల్ని బెదిరించినవాడికి పనికొచ్చింది ఇంటి నంబరు ఒక్కటే కాదు, దాని పక్కనే ఉన్న ఫోన్ నంబరు కూడా.

తీసేసినవి మళ్లీ రావడానికి ఇంకో కారణం ఉంది. ఈ సైట్లు సమాచారాన్ని ఒకసారి కొని ఊరుకోవు. కొత్త జాబితాలు వస్తూనే ఉంటాయి, పాతవాటితో కలుస్తూనే ఉంటాయి. కంపెనీ మీ వివరాలను పూర్తిగా చెరిపేస్తే, మీరు వద్దన్నారన్న గుర్తు కూడా దాని దగ్గర మిగలదు. తర్వాతి జాబితాలో మీ పేరు రాగానే కొత్త మనిషి వచ్చిందనుకుని పేజీ తెరుస్తుంది. దీనికి విరుగుడు, మీ పేరును మళ్లీ చేర్చకూడని జాబితాలో ఉంచమనడం. దాన్ని సప్రెషన్ లిస్ట్ అంటారు. అందుకు అవసరమైనంత కనీస సమాచారం ఉంచుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది. కాబట్టి అర్జీలో మూడూ అడగండి: తొలగించాలి, అమ్మకూడదు, సప్రెషన్ లిస్ట్‌లో ఉంచాలి. పేరు ఎన్ని రకాలుగా కాగితాలకెక్కిందో అన్ని స్పెల్లింగులూ ఇవ్వండి.

ఇక పరిహారం సంగతి. సీసీపీఏ కింద మామూలు మనిషి సొంతంగా దావా వేయగలిగేది డేటా చోరీ జరిగినప్పుడు మాత్రమే. తొలగించమంటే తొలగించలేదని ఆ చట్టం కింద మీరు కోర్టుకెక్కలేరు. ఆ పని కాలిఫోర్నియా ప్రైవసీ ప్రొటెక్షన్ ఏజెన్సీది, అటార్నీ జనరల్‌ది. మీ పేరును ప్రకటనగా చూపించి చందాలు అమ్ముకున్నారని సివిల్ కోడ్ 3344 కింద 750 డాలర్ల కనీస నష్టపరిహారం అడిగే దారి ఒకటి ఉంది గానీ, పేరును ప్రకటన కోసమే వాడారని రుజువు చేయాల్సింది మీరే. దానికి గడువు రెండేళ్లు. ఆ రెండేళ్లూ సాధారణంగా పేజీ మొదట జనం ముందుకొచ్చిన రోజు నుంచి లెక్క, మీరు చూసిన రోజు నుంచి కాదు. పాత పేజీ విషయంలో ఆ గడువు దాటిపోయినట్టే అనుకోండి. కొత్త పేజీ వేరే రికార్డు అని తేలితే దాని గడువు వేరుగా నడుస్తుంది. ఏజెన్సీ చర్య మొదలుపెట్టడానికి మాత్రం ఉల్లంఘన జరిగిన నాటి నుంచి ఐదేళ్ల గడువు ఉంది. మీ బలమంతా అక్కడే ఉంది.

అయితే ఏజెన్సీకి ఏం చూపిస్తారు? రెండేళ్ల కిందటి ఆప్ట్ అవుట్ నిర్ధారణ మెయిల్ జత చేయలేదు. స్క్రీన్‌షాట్లను ఫోన్‌లో పైనా కిందా కత్తిరించేశారు, ఏ పేజీ చిరునామా, ఏ తేదీ ఏదీ కనిపించడం లేదు. ఇది చాలా అజాగ్రత్త. తేదీ లేని బొమ్మతో, దొరకని మెయిల్‌తో కంపెనీ మాట తప్పిందని ఎవరూ నిరూపించలేరు. ఈ రోజే కంప్యూటర్‌లో ఆ పేజీ తెరిచి, బ్రౌజర్ ప్రింట్‌లోకి వెళ్లి పీడీఎఫ్‌గా దాచండి. హెడర్స్ అండ్ ఫుటర్స్ అనే గడిలో టిక్ ఉండాలి, అప్పుడే పేజీ చిరునామా, తేదీ, సమయం అంచున పడతాయి. చిరునామా చివర అంకెలో అక్షరాలో ఉంటే అది సాధారణంగా ఆ రికార్డు గుర్తింపు సంఖ్య. పాత నిర్ధారణ మెయిల్‌లోని లింకులో ఉన్నదీ ఇదీ ఒకటే అయితే పాత పేజీయే తిరిగొచ్చింది, కంపెనీ తప్పు సూటిగా దొరికినట్టే. వేరైతే కొత్త రికార్డు. మెయిల్ కోసం స్పామ్, ట్రాష్ కూడా వెతకండి. రుజువు కోసమని ఆ పేజీని పబ్లిక్ వెబ్ ఆర్కైవ్‌లలో మాత్రం భద్రపరచకండి, సైట్ తీసేసినా మీ అడ్రస్ అక్కడ మిగిలిపోతుంది.

మీ మరిదిగారు చెప్పిన కాపీరైట్ ఫిర్యాదు పెట్టవద్దు. మీ పేరు, అడ్రస్, ఫోన్ నంబరు కేవలం వాస్తవాలు, వాటి మీద ఎవరికీ కాపీరైట్ ఉండదు. ఆ ఫారంలో హక్కుదారు మీరేనని, అబద్ధమైతే అబద్ధ సాక్ష్యం కింద శిక్షకు సిద్ధమని ప్రకటించి సంతకం చేయాలి. తెలిసి తప్పుడు నోటీసు ఇచ్చినవాళ్ల నుంచి నష్టపరిహారం రాబట్టే సెక్షన్ అమెరికా కాపీరైట్ చట్టంలోనే ఉంది, 512(f). బాధితులుగా ఉన్న మీరు ఒక్క సంతకంతో ప్రతివాదులైపోతారు. పైగా అలాంటి నోటీసుల ప్రతులను గూగుల్ లుమెన్ అనే బహిరంగ సేకరణకు పంపుతుంది, మీరు దాచాలనుకున్న లింకు అక్కడికి చేరుతుంది. గూగుల్ వరకే కావాలంటే Results about you అనే సదుపాయం ఉంది, నిజం చెప్పే అడగొచ్చు. కానీ అది వెతుకులాట ఫలితాల్లోంచే తీస్తుంది, సైట్‌లో పేజీ అలాగే ఉంటుంది.

చేయాల్సింది ఇది. కంపెనీ ప్రైవసీ పాలసీలో కాలిఫోర్నియా నివాసుల కోసం ఇచ్చిన ఫారం లేదా ఈమెయిల్ ద్వారా అర్జీ పంపండి. దీని కోసం వేరే ఈమెయిల్ తెరవండి. వాళ్ల పేజీలో లేని మీ ఫోన్ నంబరు, రోజూ వాడే ఈమెయిల్ మీరే అందించకండి. డ్రైవింగ్ లైసెన్స్ అడిగితే ఫోటో, నంబరు మూసేసి, పేరు, అడ్రస్ మాత్రం కనిపించేలా ఇవ్వండి. అర్జీ అందినట్టు 10 పనిదినాల్లో చెప్పాలి, 45 రోజుల్లో జవాబివ్వాలి. కారణం చెప్పి ఇంకో 45 రోజులు తీసుకోవచ్చు. మార్చి 3న అందితే ఏప్రిల్ 17 తొలి గడువు, పొడిగించుకుంటే జూన్ 1. ఈ తేదీలు క్యాలెండర్‌లో రాసుకోండి.

దాంతోపాటే బ్రోకర్లందరికీ ఒకేసారి తొలగింపు అర్జీ పంపడానికి రాష్ట్రం నడిపే డ్రాప్ అనే సైట్‌లో నమోదు చేసుకోండి. చిరునామా privacy.ca.gov/drop. ఇది డిలీట్ యాక్ట్ కింద 2026 జనవరిలో మొదలైంది. కాలిఫోర్నియా నివాసి అని ధ్రువీకరించుకుని, పేర్లు, పుట్టిన తేదీ, జిప్ కోడ్, ఫోన్, ఈమెయిల్ ఇస్తే, నమోదైన డేటా బ్రోకర్లందరికీ ఒకే అర్జీ వెళ్తుంది. 2026 ఆగస్టు 1 నుంచి బ్రోకర్లు కనీసం 45 రోజులకొకసారి ఆ జాబితా చూసి తొలగించాలి, తర్వాత కొత్తగా వచ్చే మీ వివరాలనూ అమ్మకూడదు. మళ్లీ పుట్టుకొచ్చే జబ్బుకు చట్టం రాసిన మందు ఇదే. పాటించకపోతే ఒక్కో అర్జీకి రోజుకు 200 డాలర్ల జరిమానా. ప్రభుత్వ రికార్డుల మినహాయింపు ఇక్కడా ఉంది. మీవారు కూడా నమోదు చేసుకోవాలి, లేకపోతే ఆయన పేజీలో బంధువుల గడిలోంచి మీ పేరు మళ్లీ తొంగిచూస్తుంది. అత్తమామలు టెక్సాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటే డ్రాప్ వాళ్లకు పనికిరాదు, సైట్లకు విడిగా అడగాలి.

ఆ కంపెనీ ఏజెన్సీ ప్రచురించే బ్రోకర్ల రిజిస్ట్రీలో ఉందో లేదో కూడా చూడండి. బ్రోకర్లు ఏటా జనవరి 31లోపు నమోదు కావాలి. లేకపోతే డ్రాప్ అర్జీ దానికి చేరదు గానీ, నమోదు కాకపోవడమే వేరే ఉల్లంఘన. మీ ఫిర్యాదులో మొదటి వాక్యం అదే కావాలి.

రిజిస్టరైన డీడ్‌ను వెనక్కి తీసుకోలేరు. కౌంటీ అసెసర్ దగ్గర పన్ను బిల్లుల చిరునామాను పీఓ బాక్స్‌కు మార్చుకోండి. ఇల్లు ట్రస్ట్ పేరు మీదకు మార్చినా ఆ బదిలీ డీడ్‌లో మీ పేరు ఉంటుంది, పాత చరిత్ర చెరగదు. ఇక సేఫ్ ఎట్ హోమ్ అనే రాష్ట్ర పథకం గృహహింస, వెంటాడి వేధించడం లాంటి కేసుల బాధితులకు. డబ్బు కోసం వచ్చిన ఒక్క మోసపు ఫోన్‌కు దాన్ని వాడుకోవాలని చూడకండి. అదే మనిషి మళ్లీ మళ్లీ చేస్తుంటే, ఇంటి చుట్టూ తిరుగుతుంటే ఫ్రీమాంట్ పోలీసుల దగ్గర రిపోర్టు రాయించి, ఆ నంబరు తీసుకుని, అప్పుడు దరఖాస్తు చేయండి.