నవ్వుకి భాష ఉంది బాబూ

బాబూ,

వేదిక మీద ఒక్కరే నిలబడి నవ్వించే స్టాండప్ కామెడీ మీద నీ వ్యాసం అందింది. "ఏ స్టాండప్ చూడాలో తెలియట్లేదా? ఈ పది చూడండి" అన్న శీర్షిక దగ్గరే సగం చిరాకేసింది. "నవ్వుకి భాష లేదు" అన్న వాక్యం దగ్గర మిగతా సగం పూర్తయింది. ఈ మాట ఎవరు మొదలుపెట్టారో గానీ, ఇంగ్లిష్ స్పెషల్ ముందు, అంటే రికార్డు చేసిన గంట స్టాండప్ షో ముందు కూర్చుని, పక్కవాడు నవ్వాడు కదా అని తనూ నవ్వినవాడు మాత్రం కాదు.

మీ అమ్మగారు పక్కన కూర్చుని "ఏమన్నాడ్రా?" అంటే "చెప్తే బావుండదులేమ్మా" అన్నానని రాశావు. అది బావుంది. వ్యాసం అక్కడ మొదలవ్వాలి. నువ్వు దాన్ని వదిలేసి ఐదో నంబరుకి వెళ్ళిపోయావు.

నా పట్టుదల ఒక్కటే. ఏది చూడాలో తెలియనివాడికి జాబితా చేతిలో పెట్టకు, తనకి నవ్వు ఎందుకు రాలేదో కనిపెట్టడం నేర్పు. హాలంతా నవ్వింది, నీకు రాలేదు. అప్పుడు వీడియో ఆపి చూసుకోవాలి. మాటలు అందలేదా? మాటలు అందినా, అవి ఎవరి గురించో తెలియలేదా? లేక అన్నీ తెలిసి కూడా నవ్వు రాలేదా? మొదటిది భాష, రెండోది ఆ ఊరి సంగతులు తెలియకపోవడం, మూడోది అభిరుచి. ఈ మూడింటికీ మందు వేరు వేరు. జనం మూడింటినీ కలిపేసి "నాకు స్టాండప్ పడదు" అని లేచి వెళ్ళిపోతారు.

మా బావమరిది సంగతి చెప్తాను. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాడు. రోజూ ఇంగ్లిష్ పేపరు చదువుతాడు. నాగపూర్‌లో చాలాకాలం ఉన్నాడు కాబట్టి హిందీ ధారాళంగా వస్తుంది. వాళ్ళబ్బాయి అమెరికన్ కమెడియన్ జాన్ ములానీ 2018లో చేసిన 'కిడ్ గార్జియస్' పెట్టాడు, కింద ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌తో. చిక్కు అక్కడే వచ్చింది. ములానీ వాక్యం సగంలో ఆగి హాలుని ఊరిస్తాడు. సబ్‌టైటిల్‌కి ఆగడం తెలియదు, వాక్యం మొత్తం ఒకేసారి తెర మీద పడిపోతుంది. మావాడు చదివేశాక ఆయన చెప్తున్నాడు. తీసేద్దామంటే సగం మాటలు అందవు. అందుకే పరాయి భాషలో చూసేవాడికి ఒక్క వాక్యంలో మెలిక పెట్టి ముగించే కమెడియన్లు దండగ. వాళ్ళ సొమ్మంతా ఆ చివరి మాటలోనే ఉంటుంది.

ఇదేమీ కొత్త బాధ కాదు. నేను వారపత్రికలకి హాస్యకథలు రాసే రోజుల్లో ఒక సంపాదకుడు ఉండేవాడు. కథలో ఆఖరి వాక్యం తీసి, బొమ్మ పక్కన పెద్దక్షరాలతో బాక్సు కట్టి వేసేవాడు. "పాఠకుణ్ణి లాగాలి కదండీ" అనేవాడు. పాఠకుడు అది చదివి, కథ మొదలుపెట్టి, చివరికొచ్చేసరికి నవ్వడానికి ఏమీ మిగిలేది కాదు. మరుసటి వారం "మీ కథలో పంచ్ తగ్గిందండీ" అని ఆయనే ఉత్తరం రాసేవాడు. కొన్నాళ్ళకి నేను ఆఖరి వాక్యం లేకుండా కథ పంపి, ప్రూఫులప్పుడు చేత్తో రాసిచ్చేవాణ్ణి. ఇప్పుడు నీ చేత "టాప్ టెన్" రాయించే వాళ్ళు ఆయన వారసులే.

సరే, మా బావమరిది. అదే షోలో ఆసుపత్రిలోకి గుర్రం జొరబడిందనీ, అది ఏం చేస్తుందో ఎవరికీ తెలియదనీ ములానీ చాలాసేపు చెప్తాడు. హాలు ఊగిపోయింది. మావాడికి ప్రతి మాటా అర్థమైంది, అయినా "ఏ గుర్రంరా?" అని అడిగాడు. ట్రంప్ పేరు ఎత్తకుండా ట్రంప్ గురించి చెప్తున్నాడని కొడుకు విప్పి చెప్పాక నవ్వాడు, ఆలస్యంగా. ఇక్కడ అడ్డొచ్చింది భాష కాదు. మరోచోట, చికాగోలో తమ బడికి ఒక డిటెక్టివ్ ఏటా వచ్చి, దొంగ ఎదురైతే డబ్బు ఒకవైపు విసిరేసి మీరు రెండోవైపు పరిగెత్తండని చెప్పి చిన్నపిల్లల్ని హడలగొట్టేవాడని వర్ణిస్తాడు. అక్కడ మాత్రం మావాడు కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వాడు. అలాంటి పెద్దమనిషి రాని బడి ఉందా?

చూశావా, ఒక్క షోలోనే మనిషి బయటపడ్డాడు. అతనికి తిన్నగా సాగే కథ కావాలి, తనకి తెలిసిన లోకం కావాలి. అప్పుడు నేను జాకిర్ ఖాన్ 'హక్ సే సింగిల్' పెట్టమన్నాను, 2017లో వచ్చింది. ఇండోర్ మనిషి, హిందీలో తాపీగా కథ చెప్తాడు. సబ్‌టైటిల్స్ తీసేసి చూశాడు, నవ్వాడు. అరగంట అయ్యాక "బావా, ఈ కుర్రాళ్ళ ప్రేమ గోల నాకెందుకు?" అన్నాడు. అది అభిరుచి. దానికి వాదన లేదు. చివరికి బాగా పడింది ఏదో తెలుసా? అలెగ్జాండర్ బాబు 'అలెక్స్ ఇన్ వండర్‌లాండ్', 2019. తమిళం! మావాడికి తమిళం ముక్క రాదు. కానీ అది సినిమా సంగీతం చుట్టూ అల్లిన షో. ఇళయరాజా బాణీకి సబ్‌టైటిల్ అక్కర్లేదు కదా. వచ్చిన భాషలో తెలియని లోకం కంటే, రాని భాషలో తెలిసిన లోకం దగ్గరైంది. ఇది నీ పది నంబర్లలో ఎక్కడ పట్టిస్తావు?

రీల్స్ చూసి స్పెషల్ ఎంచుకోమని సలహా ఇచ్చావు. తీసెయ్. రీల్స్‌లో ఎక్కువగా కనిపించేది ముందు వరుసలో కూర్చున్న వాళ్ళతో అప్పటికప్పుడు చేసే సంభాషణ. దాన్ని క్రౌడ్ వర్క్ అంటారు. రాసుకున్న జోకులు బయటపెడితే టికెట్ కొన్నవాళ్ళకి పాతబడిపోతాయి కాబట్టి దీన్నే వదులుతారు. ముప్ఫై సెకన్ల సంభాషణకి పడిపోయి గంట స్పెషల్ పెడితే, అక్కడ అదే మనిషి ఎవరినీ పలకరించకుండా వాళ్ళ నాన్న గురించి చెప్పుకుంటూ కూర్చుంటాడు. ఎవరిదైనా రుచి చూడాలంటే, వేదిక మీద రాసుకొచ్చి చెప్పిన ఐదారు నిమిషాల క్లిప్ ఒకటి వెతుక్కోవాలి. స్పెషల్‌ని మధ్యలో తెరిచి చూడటం కూడా పనికిరాదు. మొదట్లో మామూలుగా అనేసిన మాటని చివర్లో మళ్ళీ తెచ్చి హాలుని పడగొట్టడం వాళ్ళ పని. మధ్యలో దూరినవాడికి అది అందదు.

నీ మొదటి నంబరు చూసి నాకు ఆశ్చర్యం వేసింది. ఆస్ట్రేలియా కమెడియన్ హన్నా గాడ్స్‌బీ 'నానెట్', 2018. గొప్పదే, కాదనను. కానీ ఏది నచ్చుతుందో తెలియనివాడికి మొదటిది అదా? జోకంటే బిగువు పెంచి వదలడమేనని గాడ్స్‌బీ వేదిక మీదే విప్పి చెప్తారు. ఆ తర్వాత బిగువు పెంచి, వదలకుండా నిలబడతారు. స్వలింగ సంపర్కం 1997 దాకా నేరంగా ఉన్న టాస్మేనియా రాష్ట్రంలో పెరిగిన మనిషి, తన మీద తానే జోకులేసుకోవడం ఇక మానేస్తానంటారు. మామూలు స్టాండప్ కొంత చూసినవాడికే ఆ మానేయడం బరువు తెలుస్తుంది. మొదటిసారి చూసేవాడు "ఇందులో కామెడీ ఏదీ?" అంటాడు. తప్పు వాడిది కాదు, నంబరు వేసిన నీది.

ఏ ఓటీటీకి చందా కట్టాలని అడిగావు. అది నన్నడక్కు, మా ఇంట్లో రిమోట్ నా చేతికి రాదు. తెలుగు స్టాండప్ గురించి అడిగినదానికి ఇంకో ఉత్తరం పడుతుంది.

వ్యాసం తిరగరాసి పంపు. అంకెలు తీసెయ్. మీ అమ్మగారిని ఈసారి హిందీదో తమిళందో ఏదైనా కథ చెప్పేవాళ్ళ ముందు కూర్చోబెట్టు. ఎక్కడ నవ్వారో, ఎక్కడ "ఏమన్నాడ్రా?" అన్నారో, ఎక్కడ లేచి వంటింట్లోకి వెళ్ళారో కాగితం మీద రాసిపెట్టుకో. అదే పంపినా చాలు. వెయ్యి పదాలు దాటనివ్వకు, నాకు కళ్ళజోడు మార్చాల్సి ఉంది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు