నార్మెటానెఫ్రిన్ కొద్దిగా పెరిగినప్పుడు: రక్తమా, మూత్రమా, మందులా?

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. బీపీ అదుపులో ఉండటం లేదు, అప్పుడప్పుడు గుండెదడ, చెమటలు. ప్లాస్మా మెటానెఫ్రిన్ పరీక్షలో నార్మెటానెఫ్రిన్ కొంచెం ఎక్కువ వచ్చింది. ఇప్పుడు 24 గంటల మూత్రం కూడా పరీక్షిద్దామంటున్నారు. దేన్ని నమ్మాలి? మందులు, తిండి ఏమైనా ఆపాలా?

జవాబు: నేను చెన్నైలో ఒక ఆసుపత్రి బయోకెమిస్ట్రీ ల్యాబులో పనిచేస్తున్నాను. నెల్లూరులో ఉండే మా పెద్దక్కకు కూడా ఇలాంటి రిపోర్టే రావడంతో, ఆమె విషయంలో ఏం జరిగిందో చెబితే మీకు ఉపయోగపడుతుందనుకుంటున్నాను.

అక్క నార్మెటానెఫ్రిన్ లీటరుకు 1.4 నానోమోల్ వచ్చింది. ఆ ల్యాబు గరిష్ఠ పరిమితి 0.9. మెటానెఫ్రిన్ మామూలుగానే ఉంది. ఈ రెండూ అడ్రినలిన్, నారడ్రినలిన్ హార్మోన్లు మారగా వచ్చే పదార్థాలు; ఆ హార్మోన్లను అతిగా తయారుచేసే ఫియోక్రోమోసైటోమా అనే కణితి ఉందేమో చూడటానికే ఈ పరీక్ష. రెండూ కలిసి పెరిగితే, లేదా ఒకటి పరిమితికి మూడు నాలుగు రెట్లు దాటితే కణితి ఉండే అవకాశం చాలా ఎక్కువ. నార్మెటానెఫ్రిన్ ఒక్కటే ఒకటిన్నర రెట్లు పెరిగినప్పుడు మాత్రం కణితి కన్నా మందులను, రక్తం తీసిన తీరును ముందుగా అనుమానించాలి. పైగా వయసుతో పాటు ఈ విలువ సహజంగానే పెరుగుతుంది కాబట్టి, మీ రిపోర్టులో ఇచ్చిన పరిమితి వయసును బట్టి ఇచ్చిందో లేదో చూడండి.

అక్క వేసుకునే మందులన్నీ టేబుల్ మీద పెట్టించి చూశాను. బీపీకి ఆమ్లోడిపిన్, దానితో సాధారణంగా ఇబ్బంది లేదు. అసలు కారణం మైగ్రేన్ కోసం రాత్రిపూట వేసుకునే 25 మిల్లీగ్రాముల అమిట్రిప్టిలిన్. తలనొప్పి మాత్రకు బీపీ పరీక్షతో సంబంధమేముంటుందని ఆమె డాక్టరుకు చెప్పలేదు. నాడుల చివరలు విడుదల చేసిన నారడ్రినలిన్‌లో ఎక్కువ భాగాన్ని మళ్లీ అవే లోపలికి తీసుకుంటాయి. అమిట్రిప్టిలిన్, డిప్రెషన్‌కు వాడే వెన్లాఫాక్సిన్, డులాక్సెటిన్ ఆ దారిని మూసేస్తాయి; బయట మిగిలిపోయిన నారడ్రినలిన్ నార్మెటానెఫ్రిన్‌గా మారుతుంది. అంటే ఆ పెరుగుదల నిజమైనదే, యంత్రం తప్పు కాదు. అందుకే మరింత మంచి యంత్రమున్న ల్యాబుకు వెళ్లినా, మూత్రం పరీక్షించినా అదే ఫలితం వస్తుంది. ఫినాక్సీబెంజమిన్, జలుబు మాత్రల్లో ఉండే ఫినైలెఫ్రిన్, సూడోఎఫెడ్రిన్ కూడా ఇలా నిజంగానే పెంచగలవు.

పారాసిటమాల్, సల్ఫసలజిన్, లాబెటలాల్ సంగతి వేరు. ఇవి కొన్ని పాత పద్ధతుల్లో యంత్రాన్నే తికమకపెడతాయి. అణువులను వేరుచేసి వాటి బరువును బట్టి గుర్తించే ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్ పద్ధతిలో ఈ ఇబ్బంది చాలా వరకు తీరిపోతుంది. ఏ పద్ధతిలో చేశారో ల్యాబును అడగండి.

రక్తం తీసిన తీరు కూడా ముఖ్యమే. అక్కకు మెట్లెక్కి రాగానే కుర్చీలో కూర్చోబెట్టి తీశారు. నిలబడినా, కూర్చున్నా నాడులు చురుగ్గా ఉండి నార్మెటానెఫ్రిన్ పెరుగుతుంది. 20 నుంచి 30 నిమిషాలు వెల్లకిలా పడుకోబెట్టి, ఆ తర్వాత పడుకున్న స్థితిలోనే తీయాలి. కూర్చోబెట్టి తీసిన రక్తంలో విలువ మామూలుగా వస్తే ఫరవాలేదు, ఎక్కువ వస్తేనే మళ్లీ పడుకోబెట్టి తీయాలి.

ఇక తిండి. అరటిపండు, అనాస, టమాటా, వాల్‌నట్లలో నారడ్రినలిన్ జాతి రసాయనాలు ఉంటాయి. వాటిని పేగు గోడ సల్ఫేటుతో కలిపేస్తుంది. ప్లాస్మా పరీక్ష సల్ఫేటు కలవని స్వేచ్ఛా రూపాన్నే కొలుస్తుంది కాబట్టి నార్మెటానెఫ్రిన్, మెటానెఫ్రిన్‌లపై తిండి ప్రభావం తక్కువ. మూత్ర పరీక్షలో సాధారణంగా ఆ సల్ఫేటును ఆమ్లంతో విడగొట్టి మొత్తం కొలుస్తారు; అందుకే ముందురోజు తిన్న అరటిపండ్లు అక్కడ నార్మెటానెఫ్రిన్‌ను పెంచగలవు. ప్లాస్మాలో డోపమిన్ నుంచి వచ్చే 3-మెథాక్సీటైరమిన్ కూడా చూస్తుంటే మాత్రం రాత్రి నుంచి ఉపవాసం తప్పనిసరి. ఏదైనా సరే, పొద్దున్నే ఫిల్టర్ కాఫీ, సిగరెట్ మానేసి వెళ్లడం మంచిది.

ఇలా చూస్తే మూత్ర పరీక్ష రక్త పరీక్షపై తీర్పు చెప్పేది కాదు. కణితిని పట్టుకోవడంలో రెండూ దాదాపు సమానమే, కానీ అనవసరపు అనుమానం పుట్టించడం మూత్రంలో ఎక్కువ. పడుకోబెట్టి రక్తం తీసే వీలు లేని చోట మూత్రమే మేలు, అయితే 24 గంటల మూత్రం పూర్తిగా పట్టారని క్రియాటినిన్ చూసి నిర్ధారించుకోవాలి. కిడ్నీలు బాగా దెబ్బతిన్న వారికి మూత్ర ఫలితం నమ్మదగినది కాదు.

అక్కకు న్యూరాలజిస్టు అమిట్రిప్టిలిన్‌ను మెల్లగా తగ్గించి ఆపారు. ఆపాక రెండు వారాలు గడిచిన తర్వాత పడుకోబెట్టి మళ్లీ రక్తం తీస్తే 0.7 వచ్చింది. అమ్మగారి మందులను మీరుగా ఆపవద్దు, ముఖ్యంగా మానసిక వ్యాధికి వాడుతుంటే. ఆపే వీలు లేకపోయినా, ఆపాక కూడా విలువ కొద్దిగానే ఎక్కువున్నా, క్లోనిడిన్ పరీక్ష చేయవచ్చునేమో ఎండోక్రైనాలజిస్టును అడగండి. క్లోనిడిన్ నాడుల నుంచి నారడ్రినలిన్ విడుదలను తగ్గించే మందు. అది ఇచ్చాక మూడు గంటలకు నార్మెటానెఫ్రిన్ 40 శాతానికి మించి తగ్గితే అది నాడుల నుంచి వచ్చినదే. కణితి నుంచి వచ్చేది అలా తగ్గదు. అయితే అమిట్రిప్టిలిన్ వంటివి వాడుతుండగా ఈ పరీక్ష కూడా తప్పుదారి పట్టించవచ్చు, కాబట్టి మందుల జాబితా మొత్తం ఆ డాక్టరుకు ముందే చూపించండి.